హెలికోబాక్టర్ పైలోరీ: యూరియేజ్ చరిత్ర, కడుపులో పుండ్లు

హెలికోబాక్టర్ పైలోరీ మనిషి జీర్ణాశయంలో బతికే మెలి తిరిగిన బాక్టీరియా. జీర్ణాశయం లోపలి గోడను ఒక జిగురు పొర కప్పి ఉంటుంది. ఆ పొరలో ఇది ఏళ్ల తరబడి, వైద్యం చేయకపోతే సాధారణంగా జీవితాంతం ఉండిపోతుంది. జీర్ణాశయంలోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్ 1, 2 దాకా దిగుతుంది. నోటి ద్వారా వచ్చే సూక్ష్మజీవుల్లో చాలావాటిని అది కాసేపట్లోనే చంపేస్తుంది. ఈ బాక్టీరియా మాత్రం యూరియేజ్ అనే ఎంజైమ్ సాయంతో బతుకుతుంది. జీర్ణాశయంలోనూ, దాన్ని దాటగానే వచ్చే ఆంత్రమూలంలోనూ పడే పుండ్లకు ఇదొక ప్రధాన కారణం. పుండ్లకు రెండో పెద్ద కారణం ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు.

ఈ బాక్టీరియా చరిత్రను చాలామంది 1982 నుంచి మొదలుపెడతారు. నిజానికి అది ఎంజైమ్‌తో మొదలవుతుంది. బాక్టీరియాను పెంచడానికి దాదాపు 60 ఏళ్ల ముందే దాని యూరియేజ్ శాస్త్రవేత్తల చేతికి చిక్కింది. కాకపోతే అది ఎవరిదో వాళ్లకు తెలియలేదు.

కడుపు సొత్తు అనుకున్న ఎంజైమ్

1924లో కేంబ్రిడ్జిలో జె. ఎం. లక్, టి. ఎన్. సేథ్ జంతువుల జీర్ణాశయపు పొరలో యూరియాను విడగొట్టే శక్తి ఉందని గమనించారు. రక్తంలో తిరిగే యూరియా కొంత జఠర రసంలోకి కూడా ఊరుతుంది. యూరియేజ్ దాన్ని ఇలా విడగొడుతుంది:

CO(NH2)2 + H2O → 2NH3 + CO2

ఇందులో పుట్టే అమ్మోనియా క్షారం, అంటే ఆమ్లానికి విరుగుడు. దాంతో ఒక ఊహ బయలుదేరింది: తన ఆమ్లం తననే కాల్చకుండా జీర్ణాశయం ఈ ఎంజైమ్‌ను తయారుచేసుకుంటోంది. 1950 ప్రాంతంలో డబ్లిన్‌లో ఆలివర్ ఫిట్జ్‌జెరాల్డ్ ఈ ఊహను మనుషుల మీద పరీక్షించాడు. పుండ్లున్న రోగులకు యూరియానే మందుగా ఇచ్చి చూశాడు. ఆలోచన తర్కానికి నిలిచేదే. ఎంజైమ్ ఎవరిదన్న ఒక్క చోటే పొరపాటు జరిగింది.

ఆ పొరపాటు బయటపడే అవకాశం 1950ల చివర్లో వచ్చింది. మూత్రపిండాలు చెడిన రోగుల రక్తంలో యూరియా పేరుకుపోతుంది. వారి జఠర రసంలో అమ్మోనియా ఎక్కువగా, ఆమ్లం తక్కువగా ఉండేది. చార్లెస్ లీబర్, ఆండ్రే లఫేవ్ర్ వారికి ఆక్సీటెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చారు. అమ్మోనియా పడిపోయింది, ఆమ్లం పెరిగింది. యాంటీబయాటిక్ మనిషి కణాలు చేసే ఎంజైమ్‌ను ఆపదు, బాక్టీరియాను ఆపుతుంది. ఈ ఫలితానికి ఉన్న అర్థం అదొక్కటే. 1968లో అడిలేడ్ డెల్యూవా, ఆమె సహచరులు దాన్ని ఖాయం చేశారు. ఏ సూక్ష్మజీవీ సోకకుండా పెంచిన జంతువుల కడుపులో యూరియేజ్ అసలే లేదని చూపారు.

అంటే కడుపులో బాక్టీరియా బతుకుతోందన్న సాక్ష్యం 1968కే అచ్చయి ఉంది. కానీ అది జీవరసాయన పత్రికల్లో ఉంది, పుండ్లకు వైద్యం చేసేవారు వేరే పత్రికలు చదువుతున్నారు. పైగా 1954లో అమెరికాలో ఎడ్డీ పామర్ వెయ్యికి పైగా రోగుల జీర్ణాశయపు ముక్కలు పరిశీలించి, బాక్టీరియా కనబడలేదని తేల్చాడు. అతను వాడిన మామూలు రంగులో ఈ జీవులు సరిగా కనిపించవు. వెండి లవణాలతో వేసే రంగులో స్పష్టంగా కనిపిస్తాయి. ఆ తేడా మరో పాతికేళ్ల ఆలస్యానికి దారి తీసిందని చెప్పవచ్చు.

పెర్త్‌లో దొరికిన జీవి

1979 జూన్‌లో ఆస్ట్రేలియాలోని రాయల్ పెర్త్ ఆసుపత్రిలో పాథాలజిస్టు రాబిన్ వారెన్ ఒక బయాప్సీ ముక్క ఉపరితలాన్ని అంటుకుని ఉన్న వంకర బాక్టీరియాను చూశాడు. వెండి రంగు వేసి నిర్ధారించుకున్నాడు. అవి ఉన్నచోటల్లా వాపు ఉండటం అతన్ని ఆకట్టుకుంది. 1981లో యువ వైద్యుడు బారీ మార్షల్ అతనితో కలిశాడు. ఎండోస్కోపీకి వచ్చిన 100 మంది నుంచి వరుసగా ముక్కలు తీసి పరిశీలించడం మొదలుపెట్టారు.

సూక్ష్మదర్శినిలో కనబడుతున్న బాక్టీరియా ల్యాబులో మాత్రం పెరగలేదు. పళ్లాల్లో రెండు రోజుల్లో ఏమీ కనబడకపోతే పారేయడం అక్కడి అలవాటు. అలా 34 మంది నమూనాలు పోయాయి. 1982 ఏప్రిల్‌లో ఈస్టర్ సెలవుల వల్ల 35వ రోగి పళ్లెం ఇంక్యుబేటర్‌లోనే ఐదు రోజులు ఉండిపోయింది. దాని మీద బాక్టీరియా గుంపులు కనిపించాయి. నెమ్మదిగా పెరిగే ఈ జీవికి అప్పటిదాకా ఎవరూ తగినంత సమయం ఇవ్వలేదన్నమాట. 1984లో ‘లాన్సెట్’లో వచ్చిన వ్యాసం ప్రకారం దీర్ఘకాలిక జీర్ణాశయ వాపు, పుండ్లు ఉన్నవారిలో దాదాపు అందరిలోనూ ఈ జీవి ఉంది.

కలిసి ఉండటం వేరు, కారణం కావడం వేరు. పుండు పడ్డాక బాక్టీరియా వచ్చి చేరిందేమోనని విమర్శకులు అడిగారు, అది న్యాయమైన ప్రశ్న. 1984లో మార్షల్ ముందుగా తన కడుపు ఆరోగ్యంగా ఉందని ఎండోస్కోపీతో రుజువు చేసుకుని, ఒక రోగి నుంచి పెంచిన బాక్టీరియాను తాగాడు. వారంలోపే కడుపు ఉబ్బరం, వాంతులు, నోటి దుర్వాసన మొదలయ్యాయి. పదో రోజున చేసిన ఎండోస్కోపీలో వాపు, ఆ వాపులో బాక్టీరియా కనిపించాయి. ఈ కథను తిరిగి చెప్పేటప్పుడు తరచూ ఒక విషయం జారిపోతుంది: మార్షల్‌కు పుండు పడలేదు. రుజువైంది వాపు వరకే. పుండు సంగతి తేలడానికి మరో పదేళ్లు పట్టింది.

ఈ జీవిలో యూరియేజ్ చాలా ఎక్కువగా ఉందని 1984లో నెదర్లాండ్స్‌లో లాంగెన్‌బర్గ్ బృందం చూపింది. దాంతో 1924 నాటి ఎంజైమ్‌కు యజమాని దొరికాడు. 1989లో దానికి హెలికోబాక్టర్ పైలోరీ అన్న పేరు ఖాయమైంది. వారెన్, మార్షల్‌లకు 2005లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఆమ్లంలో బతికే తీరు

బాక్టీరియా తన చుట్టూ అమ్మోనియా మబ్బు కప్పుకుని ఆమ్లాన్ని అడ్డుకుంటుందని పాఠ్యపుస్తకాల్లో తరచూ కనిపిస్తుంది. అది సగం నిజమే. యూరియేజ్ తటస్థ ద్రవంలో బాగా పనిచేసే ఎంజైమ్. బాక్టీరియా కణం బయట, గాఢమైన ఆమ్లంలో అది పాడైపోతుంది. అసలు రక్షణ కణం లోపలి ఎంజైమ్ వల్ల వస్తుంది. ఈ జీవి తన మాంసకృత్తుల్లో పదో వంతు దాకా యూరియేజ్‌కే ఖర్చు చేస్తుంది. ఎంజైమ్ పనిచేసే చోట నికెల్ పరమాణువులుండాలి కాబట్టి నికెల్‌ను వెతికి తెచ్చుకునే ఏర్పాట్లూ దానికి ఉన్నాయి.

లోపల ఉన్న ఎంజైమ్‌కు బయటి యూరియా అందాలి. ఆ పని చేసేది లోపలి పొరలోని యూఆర్ఇ-ఐ అనే మార్గం. 2000లో జార్జ్ సాక్స్ బృందం ఇది ఆమ్లంతో తెరుచుకునే తలుపు అని చూపింది. బయట తటస్థంగా ఉంటే మూసుకుని ఉంటుంది, ఆమ్లం పెరిగేకొద్దీ తెరుచుకుంటుంది, పీహెచ్ 5 దగ్గర పూర్తిగా తెరుచుకుంటుంది. యూరియా లోపలికి వస్తుంది, విడిపోతుంది. అమ్మోనియా, కార్బన్ డయాక్సైడ్ రెండూ కణం రెండు పొరల నడుమ ఉన్న ఖాళీలోకి చేరతాయి. అమ్మోనియా అక్కడికి చొరబడే ఆమ్లపు హైడ్రోజన్ అయాన్లను పట్టేస్తుంది. కార్బన్ డయాక్సైడ్‌ను మరో ఎంజైమ్ బైకార్బొనేట్‌గా మారుస్తుంది. బయట ఎంత ఆమ్లం ఉన్నా ఈ ఖాళీలో పీహెచ్ 6 చుట్టుపక్కల నిలుస్తుంది.

తలుపు ఎందుకు అవసరమో ల్యాబులో తేలిగ్గా తెలుస్తుంది. ఆమ్లం లేని ద్రవంలో యూరియా కలిపి ఈ జీవిని ఉంచితే అది చచ్చిపోతుంది. చంపేది తన అమ్మోనియాయే. విరుగుడుకు తగిన ఆమ్లం లేకపోతే అమ్మోనియా చుట్టూ క్షారాన్ని పెంచి కణాన్నే దెబ్బతీస్తుంది. కాబట్టి ఎంత ఆమ్లం ఉంటే అంత యూరియా మాత్రమే లోపలికి రావాలి.

ఎల్లకాలం ఆ ఆమ్లంలోనే మునిగి ఉండటం కూడా దీనికి సాధ్యం కాదు. ఆమ్లపు మడుగును వీలైనంత త్వరగా దాటి, గోడను అంటిన జిగురు లోతుకు చేరాలి. అక్కడ పీహెచ్ తటస్థానికి దగ్గరగా ఉంటుంది. ఆమ్లంలో ఆ జిగురు గట్టి జెల్లీలా ఉంటుంది. 2009లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం యూరియేజ్ చుట్టూ ఆమ్లాన్ని తగ్గించగానే జిగురు పలచబడుతుంది, అప్పుడు బాక్టీరియా తోకలు ఆడిస్తూ ఈదగలదు. యూరియేజ్ తయారుచేయలేని మార్పు రకం బాక్టీరియా ప్రయోగశాలలోని పందిపిల్లల కడుపులో స్థిరపడలేకపోయిందని 1991లో కాథరిన్ ఈటన్ బృందం చూపింది.

పుండు ఎలా పడుతుంది

యూరియేజ్ బాక్టీరియాకు చోటు సంపాదించి పెడుతుంది. పుండు వేయడం దానొక్కదాని పని కాదు. అమ్మోనియా కణాలను కొంత బాధిస్తుంది. అంతకన్నా ఎక్కువ నష్టం, బాక్టీరియా మీద శరీరం ఏళ్ల తరబడి చేసే పోరాటం వల్ల, అంటే వాపు వల్ల కలుగుతుంది. కొన్ని రకాల బాక్టీరియా విడుదల చేసే వాక్-ఎ అనే విషం, కణాల్లోకి గుచ్చే కాగ్-ఎ అనే మాంసకృత్తు ఆ వాపును ముదురుస్తాయి.

వాపు ఎక్కడుందన్నదాన్ని బట్టి రోగం మారుతుంది. జీర్ణాశయపు కింది భాగంలో ఎక్కువగా ఉంటే, ఆమ్లానికి కళ్లెం వేసే సొమాటోస్టాటిన్ తగ్గి, ఆమ్లాన్ని పెంచే గాస్ట్రిన్ హెచ్చుతుంది. అదనపు ఆమ్లం ఆంత్రమూలంలోకి పోతుంది. అక్కడి గోడ కణాలు ఆమ్లానికి తట్టుకోవడానికి జీర్ణాశయ కణాల్లా మారతాయి. బాక్టీరియాకు కావలసింది అలాంటి నేలే. అది అక్కడ చేరి వాపు తెస్తుంది, పుండు పడుతుంది. వాపు జీర్ణాశయమంతా, పైభాగంతో సహా పాకితే ఆమ్లం చేసే గ్రంథులే క్షీణిస్తాయి. అప్పుడు ఆమ్లం తగ్గినా బలహీనపడిన గోడలో జీర్ణాశయపు పుండ్లు పడతాయి. కాన్సర్ ప్రమాదం పెరిగేది కూడా ఈ రెండో దారిలోనే.

సోకిన వారిలో ఎక్కువమందికి పుండు ఎప్పటికీ పడదు. మన దక్షిణ భారతదేశానికి సంబంధించిన ఒక పాత పరిశీలన ఇక్కడ పనికొస్తుంది. మైసూరులో పనిచేసిన బ్రిటిష్ సర్జన్ ఫ్రాంక్ టోవీ, అన్నం ప్రధానంగా తినే దక్షిణాదిలో ఆంత్రమూలపు పుండ్లు ఎక్కువనీ, గోధుమ తినే పంజాబులో తక్కువనీ రాశాడు. ఆ తర్వాత చూస్తే బాక్టీరియా రెండు చోట్లా విస్తారంగానే ఉంది. దాన్ని బట్టి బాక్టీరియా ఒక్కటే సరిపోదని తెలుస్తుంది. తేడాకు ఆహారమే కారణమన్న టోవీ వాదన మాత్రం ఖాయంగా రుజువు కాలేదు.

బాక్టీరియాను తొలగిస్తే పుండు తిరిగి రాదన్న సాక్ష్యం 1993లో వియన్నా నుంచి వచ్చింది. ఆంత్రమూలపు పుండు పదేపదే వస్తున్న 104 మందికీ ఆమ్లం తగ్గించే రానిటిడిన్ ఇచ్చారు. సగం మందికి దానితోపాటు 12 రోజులు అమాక్సిసిలిన్, మెట్రోనిడజోల్ ఇచ్చారు, మిగతావారికి అదే రూపంలో మందు లేని మాత్రలు ఇచ్చారు. ఏడాదిలో యాంటీబయాటిక్ తీసుకున్నవారిలో 8 శాతం మందికి, తీసుకోనివారిలో 86 శాతం మందికి పుండు తిరగబెట్టింది. జీవితాంతం మాత్రలతో కాలం గడపాల్సిన రోగంగా పేరుబడ్డ పుండు నయమయ్యే అంటువ్యాధిగా మారింది ఇలాంటి ఫలితాల వల్లనే.

యూరియేజ్‌తో పరీక్ష

ఈ రోగాన్ని పట్టించేది కూడా యూరియేజే. ఎండోస్కోపీలో తీసిన చిన్న ముక్కను యూరియా, ఫీనాల్ రెడ్ కలిపిన జెల్‌లో పెడతారు. బాక్టీరియా ఉంటే అమ్మోనియా పుట్టి, పసుపు రంగు గులాబీ ఎరుపుగా మారుతుంది. ఎండోస్కోపీ వద్దనుకుంటే శ్వాస పరీక్ష ఉంది. బరువైన కార్బన్-13తో చేసిన యూరియాను తాగించి, కాసేపటికి ఊపిరిలో ఆ కార్బన్ ఎంత వచ్చిందో కొలుస్తారు. మనిషి కణాలకు యూరియేజ్ లేదు కాబట్టి ఆ కార్బన్ బయటికి రావడమే సాక్ష్యం.

ఈ రెండు పరీక్షలూ తగినంత బాక్టీరియా, పనిచేస్తున్న ఎంజైమ్ ఉంటేనే నిజం చెబుతాయి. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ వంటి మాత్రలు వేసుకుంటున్నవారిలో బాక్టీరియా సంఖ్య తగ్గి, మిగిలినవి జీర్ణాశయం పైభాగానికి జరుగుతాయి. రోగం ఉన్నా పరీక్షలో లేదని వస్తుంది. అందుకే పరీక్షకు ముందు ఆ మాత్రలను వైద్యుని సలహాతో రెండు వారాలు, యాంటీబయాటిక్‌లను నాలుగు వారాలు ఆపి ఉండాలి. పుండు నుంచి రక్తం కారుతున్నప్పుడు చేసిన ముక్క పరీక్షా అలాగే తప్పు చెప్పవచ్చు. అప్పుడు లేదని వచ్చినా, రక్తస్రావం తగ్గాక మళ్లీ పరీక్షించే వరకు లేదని నిర్ధారించకూడదు.