మడమ దించడమా, మడమ ఎత్తడమా: ఒక నొప్పి చికిత్స చరిత్ర

పాఠకులారా, మీ చేతిని మడమ వెనుకకు పోనిచ్చి చూడండి. పిక్క కండరం కిందికి దిగుతూ సన్నబడి, తాడువలె బిగిసి, మడమ ఎముకను పట్టుకునే చోటు వేళ్లకు తగులుతుంది. మన ఊళ్లలో దానిని 'వెనక నరం' అంటారు. నిజానికి అది నరం కాదు. కండరాన్ని ఎముకకు కట్టివుంచే స్నాయువు. దానికి గ్రీకు వీరుడు అకిలిస్ పేరు రావడంలో ముఖ్యపాత్ర ఫ్లెమిష్ శరీరనిర్మాణ శాస్త్రజ్ఞుడు ఫిలిప్ వెర్హేయెన్‌ది. 1693లో వెలువడిన తన గ్రంథంలో ఆయన దానిని అకిలిస్ తాడుగా పేర్కొన్నాడు. తల్లి పట్టుకుని నదిలో ముంచినప్పుడు తడవని మడమే ఆ వీరుని ప్రాణస్థానమైందని వారి కథ. జరుడనే బోయవాని బాణం శ్రీకృష్ణుని పాదానికి తగిలిందని విన్న మనకు ఆ ఊహ కొత్తగా తోచదు.

ఈ స్నాయువు నొప్పికి వైద్యులు గత పాతికేళ్లలో ఒకదానికొకటి పూర్తిగా ఎదురైన రెండు ఉపాయాలు చెప్పారు. ఒకటి, మడమను మెట్టు అంచుకంటె కిందికి దించి స్నాయువును సాగదీస్తూ బరువు మోపడం. రెండవది, బూటులో మడమ కింద ఒక దిమ్మ పెట్టి, స్నాయువు సాగకుండా మడమను ఎత్తి ఉంచడం. రెండింటివల్లా రోగులు బాగుపడ్డారు. ఇది ఎలా సాధ్యమో తెలుసుకోవాలంటే ఆ రెండు ఉపాయాలూ పుట్టిన తీరు చూడాలి.

ఇరవయ్యవ శతాబ్దంలో చాలాకాలం ఈ నొప్పిని వాపుగా భావించారు. అందుచేత విశ్రాంతి, నొప్పి మాత్రలు, చివరకు శస్త్రచికిత్స చేసేవారు. 1980లలో కెనడాకు చెందిన కర్విన్, స్టానిష్ అనే ఇద్దరు స్నాయువుకు విశ్రాంతి కాక క్రమంగా పెరిగే బరువు కావాలని వాదించారు. ఆ మాట లోకమంతటా వినబడింది మాత్రం ఉత్తర స్వీడన్‌లోని ఉమెయో నగరం నుండి, 1998లో. అక్కడి వైద్యుడు హోకన్ ఆల్‌ఫ్రెడ్‌సన్‌కు స్వయంగా ఈ నొప్పి ఉండేది. శస్త్రచికిత్స చేయమని అడిగితే, పైవైద్యుడు నిరాకరించాడట. స్నాయువును ఇంకా పాడుచేసుకుంటే తప్పక కోస్తారనే మొండితనంతో ఆయన నొప్పిని లెక్కచేయక మడమ దించే వ్యాయామం చేశాడనీ, స్నాయువు తెగడానికి మారుగా నొప్పే తగ్గిందనీ ఆ వృత్తిలో ప్రసిద్ధమైన కథ.

ఆయన ప్రచురించిన పద్ధతి ఇది. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడాలి. మంచి కాలి బలంతో పైకి లేవాలి. బరువంతా నొప్పి ఉన్న కాలి మీదికి మార్చి, మడమను మెల్లగా మెట్టుకంటె కిందికి దించాలి. మళ్లీ లేవడం మంచి కాలితోనే. పదిహేనేసి సార్లు మూడు విడతలు మోకాలు చాచి, మరి మూడు విడతలు మోకాలు కొద్దిగా మడిచి చేయాలి. మోకాలు చాచితే పిక్కలో పైనున్న పెద్ద కండరం మీద, మడిస్తే దాని అడుగున ఉన్న కండరం మీద భారం ఎక్కువగా పడుతుంది. రోజుకు రెండు పూటలు, పన్నెండు వారాలు. లెక్కవేస్తే రోజుకు 180 సార్లు. నొప్పి లేకుండా చేయగలిగిన రోజున వీపు సంచిలో బరువు చేర్చాలి. మొదటి పరీక్షలో పాల్గొన్న నడివయసు పరుగరులు పదిహేనుమందీ పన్నెండు వారాల తరువాత మళ్లీ పరుగెత్తగలిగారు. పోల్చి చూసిన మరో పదిహేనుమందికి విశ్రాంతి, మాత్రలు, బూట్ల మార్పు వంటి పాత చికిత్సలు ఫలించక, చివరకు అందరికీ శస్త్రచికిత్స చేయవలసివచ్చింది.

ఇంత స్పష్టమైన ఫలితం చూసి, మడమ నొప్పి అన్నవారందరికీ మెట్టు చూపించడం మొదలైంది. అక్కడే చిక్కు వచ్చింది. 2003లో అదే స్వీడన్ బృందం ఎక్కువమంది రోగులను పరిశీలించగా, స్నాయువు మధ్యభాగంలో నొప్పి ఉన్నవారిలో పదింట తొమ్మిదిమందికి దాదాపు మేలు కలిగింది. స్నాయువు ఎముకకు అతుక్కునే చోట నొప్పి ఉన్నవారిలో మూడింట ఒకవంతుకే కలిగింది. కారణం ఊహించడం కష్టం కాదు. మడమను కిందికి దించినప్పుడు స్నాయువు సాగడమే కాక, మడమ ఎముక పైమూలకు ఒత్తుకుంటుంది. మధ్యభాగానికి ఆ ఒత్తిడి తగలదు. అతుకు దగ్గర మాత్రం ప్రతిసారీ నలుగుతుంది. 2008లో వారే వ్యాయామాన్ని సవరించారు. అతుకు నొప్పి ఉన్నవారు మెట్టు మీద కాక నేల మీద చేయాలి, మడమ నేలను తాకగానే ఆపాలి. అలా చేసిన చిన్న బృందంలో మూడింట రెండు వంతులమంది సంతృప్తి చెందారు.

కాబట్టి మొదటి ప్రశ్న 'ఏ బూటు కొనాలి' అన్నది కాదు, 'నొప్పి ఎక్కడ' అన్నది. బొటనవేలు, చూపుడువేలుతో స్నాయువును రెండు పక్కలా పట్టుకుని కిందినుండి పైకి నొక్కుతూ పోండి. మడమ ఎముకకు రెండునుండి ఆరు సెంటీమీటర్ల ఎత్తున ఉబ్బుగా, నొప్పిగా ఉంటే అది మధ్యభాగం. ఎముక మీదనే, బూటు వెనుక అంచు ఒరుసుకునే చోట ఉంటే అది అతుకు.

ఇక బూట్ల సంగతి. బూటులో మడమ కింది మందం నుండి మునిపాదం కింది మందాన్ని తీసివేస్తే వచ్చే తేడానే అంగడివారు 'డ్రాప్' అంటారు. మామూలు పరుగు బూట్లలో అది చాలాకాలం పది పన్నెండు మిల్లీమీటర్లు ఉండేది. 2009లో క్రిస్టఫర్ మెక్‌డూగల్ పుస్తకం 'బార్న్ టు రన్' వచ్చాక, చెప్పులు లేని పరుగే సహజమన్న ఉత్సాహంతో తేడా లేని పలుచని బూట్లు వెల్లువెత్తాయి. వాటివల్ల మునిపాదం మీద పడి పరుగెత్తేవారికి మోకాలి భారం కొంత తగ్గి, ఆ పని పిక్కకూ స్నాయువుకూ బదిలీ అయింది. భారం మాయం కాలేదు, చోటు మారిందంతే. చిన్ననాటినుండి వట్టికాళ్లతో తిరిగినవారి స్నాయువు దానికి అలవాటుపడి ఉండవచ్చు. ముప్పై ఏళ్లు మడమ ఎత్తు బూట్లలో గడిపినవారి సంగతి వేరు. 2010లో వెలువడిన ఒక పరిశోధనలో, ఏళ్ల తరబడి ఎత్తుమడమల చెప్పులు ధరించిన స్త్రీల పిక్క కండర పోగులు పొట్టివై, స్నాయువు మందంగా, బిగుతుగా మారినట్లు తేలింది. అలాంటివారు ఒక్కసారిగా సమతల చెప్పుల్లోకి దిగితే నొప్పి రావడం వింత కాదు.

నా దగ్గరకు వచ్చిన ఒక ఉపాధ్యాయుని విషయం చెబుతాను. యాభై రెండేళ్లు, రోజూ ఐదు కిలోమీటర్ల నడక. అమెరికాలో ఉన్న కుమారుడు ప్రేమతో పంపిన కొత్త బూట్లు వేసుకున్న మూడవ వారానికి కుడికాలి వెనుక నొప్పి మొదలైంది. తెల్లవారి మంచం దిగగానే బిగువు, పదడుగులు వేశాక సడలింపు, నడక ముగిశాక సాయంత్రానికి మళ్లీ పోటు. పాత బూట్ల తేడా పది మిల్లీమీటర్లు, కొత్తవాటికి సున్న. పాదం గోడవైపు పెట్టి, మడమ లేవకుండా మోకాలిని గోడకు తాకించమన్నాను. పాదాన్ని వెనక్కు జరుపుతూ పోతే ఎడమ బొటనవేలు గోడకు తొమ్మిది సెంటీమీటర్ల దూరం వరకు వెళ్లింది, కుడిది ఐదు దగ్గరే ఆగింది. గొంతుకూర్చుంటే కుడి మడమ లేచిపోతోంది. నొప్పి ఎముకకు నాలుగు సెంటీమీటర్ల పైన, అంటే మధ్యభాగంలో.

ఆయనకు ముందు పాత తేడా ఉన్న బూట్లనే తిరిగి వేయించి, వాటిలో మడమ దిమ్మలు పెట్టించాను. దిమ్మ ప్రయోజనానికి ఇప్పుడు మంచి ఆధారమే ఉంది. 2021లో మెల్‌బోర్న్ పరిశోధకులు మధ్యభాగం నొప్పి ఉన్న వందమందిని రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుకు 12 మిల్లీమీటర్ల దిమ్మలు, మరొక జట్టుకు మడమ దించే వ్యాయామం ఇచ్చారు. పన్నెండు వారాలకు దిమ్మల జట్టుకే కొంత ఎక్కువ ఉపశమనం కనిపించింది. అయితే ఆ తేడా ప్రతి రోగికీ అనుభవంలో తెలిసేంతదని చెప్పలేమని వారే అన్నారు. నా అభిప్రాయంలో ఈ రెండూ పోటీదారులు కావు. దిమ్మ నడకలో స్నాయువు సాగే హద్దును తగ్గించి నేటి నొప్పిని అదుపులో పెడుతుంది. వ్యాయామం రేపటి భారానికి స్నాయువును సిద్ధం చేస్తుంది. దిమ్మ ఒక్కటే పెట్టుకుని ఏడాది గడిపినవారి పిక్క బలం పెరగదు.

దిమ్మ విషయంలో నాలుగు మాటలు గుర్తుంచుకోండి. నొప్పి ఒక కాలికే ఉన్నా రెండు బూట్లలోనూ పెట్టాలి, లేకుంటే నడుము వంకరపోతుంది. వేలితో నొక్కితే అణిగిపోయే స్పాంజి పనికిరాదు, గట్టి రబ్బరు కావాలి. పెట్టాక మడమ బూటులోంచి జారిపోతూ ఉంటే ఆ బూటు లోతు చాలదని అర్థం. అన్నిటికంటె ముఖ్యం, మన ఇళ్లలో బూటు గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. బయట గంటసేపు మడమ ఎత్తి ఉంచి, మిగతా రోజంతా చలువరాతి నేల మీద వట్టికాళ్లతో తిరిగితే దిమ్మ చేసే పని కొద్దిగానే. అందుకని ఇంట్లో కూడా మడమ కాస్త ఎత్తుగా ఉన్న చెప్పులు వేసుకోమన్నాను. ఆయన భార్యకు అది మొదట నచ్చలేదు. బయటకు తీసుకువెళ్లని కొత్త జత కొని వంటింటి గుమ్మం దాకా ఒప్పించారు.

మెట్టు వ్యాయామం ఆయన రోజుకు 180 సార్లు చేయలేకపోయారు. చేయగలిగినన్ని చేయమన్నాను. పదికి ఐదు మించని నొప్పి ఫరవాలేదు, కాని మరునాటి ఉదయపు బిగువు ముందురోజుకంటె పెరిగితే ఒక విడత తగ్గించాలి. మొదటి రెండు వారాలలో ఏ మార్పూ లేదు. ఆరవ వారానికి ఉదయపు బిగువు తగ్గింది. పన్నెండవ వారం తరువాత, నాలుగేసి మిల్లీమీటర్ల మూడు పొరలుగా ఉన్న దిమ్మలోనుండి రెండు వారాలకొక పొర తీసివేశాము. కుమారుని బూట్లు ఇప్పుడు వారానికి రెండు రోజులు, పావుగంట చొప్పున వాడుతున్నారు.

నొప్పి అతుకు దగ్గర ఉంటే బూటు ఎంపిక మారుతుంది. వెనుక అంచు మెత్తగా, మడమ ఎత్తుగా ఉండాలి. దిమ్మను ఎక్కువకాలం ఉంచాలి. పిక్క బిగువుగా ఉంది కదా అని మెట్టు మీద మడమ వేలాడదీసి సాగదీయకూడదు. అతుకు నొప్పి ముదరడానికి నేను తరచు చూసిన కారణం ఆ సదుద్దేశమే.

సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్ మాత్రలు వేసుకుంటున్నప్పుడుగాని, ఆపిన కొన్ని వారాలలోగాని మడమ వెనుక కొత్తగా నొప్పి వస్తే వ్యాయామం మొదలుపెట్టకండి. మాత్ర రాసిన వైద్యునికి వెంటనే తెలపండి. ఆ మందులవల్ల స్నాయువు తెగే ప్రమాదముందని 2008లోనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అత్యంత తీవ్రమైన హెచ్చరికను చేర్పించింది. అరవై దాటినవారికీ, స్టెరాయిడ్లు వాడేవారికీ ఆ ముప్పు మరీ ఎక్కువ. నడుస్తుండగా వెనుకనుండి ఎవరో తన్నినట్లు, లేదా 'టప్' మన్నట్లు అనిపించి కాలు బలహీనమైతే, బోర్లా పడుకుని పాదాలు మంచం అంచు దాటించి, ఇంట్లోవారిని పిక్కను నొక్కమనండి. మంచి కాలి పాదం ముని వైపు కదులుతుంది. దెబ్బతిన్న కాలి పాదం కదలకపోతే స్నాయువు తెగిందని అనుమానించి, ఆ కాలు నేల మీద మోపకుండా అదే రోజు ఎముకల వైద్యుని దగ్గరకు వెళ్లండి.