ఏకబిందు పర్‌స్పెక్టివ్‌లో కప్పుదారి: ఆల్బెర్తి నుండి రెండర్ చిత్రం వరకు

ఉపోద్ఘాతం

పాదచారుల కోసం నిర్మించే కప్పుదారిని కంప్యూటర్ రెండర్‌గా చూపేటప్పుడు వాస్తుశిల్పులు తరచుగా ఒకే కోణాన్ని ఎంచుకుంటారు. చూపరి దారి మధ్యలో నిలుచుంటాడు. చెక్క పలకల నేల, సన్నని ఉక్కు స్తంభాలు, పైకప్పు అంచులు అన్నీ ఎదురుగా ఒకే బిందువులో కలుస్తాయి. ఈ అమరికకు ఆరు శతాబ్దాల చరిత్ర ఉంది. ఆ చరిత్రను పరిశీలిస్తే ఇలాంటి చిత్రం ఎక్కడ నిజం చెబుతుందో, ఎక్కడ దూరాన్ని సాగదీస్తుందో తెలుస్తుంది.

ఆల్బెర్తి నేల

ఇటలీకి చెందిన లియోన్ బత్తిస్తా ఆల్బెర్తి 1435లో లాటిన్‌లో పూర్తిచేసిన ‘దే పిక్తూరా’లో చదరపు గళ్ళ నేలను గీసే పద్ధతిని వివరించాడు. నాటి చిత్రకారులు కొందరు అడ్డగీతల మధ్య ఎడాన్ని ప్రతిసారి మూడో వంతు తగ్గిస్తూ పోయేవారు. అది తప్పని ఆయన స్పష్టం చేశాడు.

ఆ తప్పును కప్పుదారి ఉదాహరణతోనే పరిశీలించవచ్చు. స్తంభాల జతలు చూపరికి 3, 6, 9, 12 మీటర్ల దూరంలో ఉన్నాయనుకుందాం. నేలపై మొదటి జత పాదాలు చిత్రంలో క్షితిజ రేఖకు 12 సెంటీమీటర్ల దిగువన ఉంటే, తక్కినవి వరుసగా 6, 4, 3 సెంటీమీటర్ల దిగువన పడతాయి. దూరం రెట్టింపయితే ఆ కొలత సగమవుతుంది. కాబట్టి వాటి మధ్య ఎడాలు 6, 2, 1. మూడో వంతు తగ్గించే పద్ధతిలో ఆ ఎడాలు 6, 4, 2.67 అవుతాయి. వీటి మొత్తం 12ను మించుతుంది, అంటే నాలుగో జత వచ్చేసరికే నేల క్షితిజ రేఖను దాటి పైకి ఎక్కుతుంది.

దీన్ని పట్టుకోవడానికి ఆల్బెర్తి చూపిన పరీక్ష సులభమైనది. ఒక గడి కర్ణాన్ని పొడిగిస్తే అది ఆ వరుసలోని తక్కిన గళ్ళ మూలల గుండా కూడా సరళరేఖగానే సాగాలి. చేతితో దిద్దిన రెండర్లను నేటికీ ఈ గీతతో పరీక్షించవచ్చు.

బొరోమీని వసారా

పదిహేడవ శతాబ్దం నడుమ రోమ్‌లో కార్డినల్ బెర్నార్దినో స్పాదా భవనంలో ఫ్రాంచెస్కో బొరోమీని ఇదే సూత్రాన్ని కాగితం మీద గాక రాతిలో ప్రయోగించాడు. ఆ స్తంభాల వసారా అసలు పొడవు సుమారు 9 మీటర్లే. లోపలికి పోయేకొద్దీ స్తంభాలు పొట్టివవుతాయి, నేల పైకి లేస్తుంది, కప్పు కిందికి దిగుతుంది. అందువల్ల ముంగిట నిలిచినవారికి అది దాదాపు నాలుగింతల పొడవుగా కనిపిస్తుంది. అయితే ఒక మనిషి లోపలికి నడిచి చివరి స్తంభాల పక్కన నిలబడగానే ఆ భ్రమ చెదిరిపోతుంది. తెలిసిన పరిమాణం గల ఆకారం అక్కడ కొలబద్ద అవుతుంది.

రెండర్‌లో పొడవు

బొరోమీని కట్టడంతో సాధించినదాన్ని రెండర్ దృష్టికోణపు వెడల్పుతో సాధిస్తుంది. 90 డిగ్రీల అడ్డ దృష్టికోణంతో తీసిన, 60 సెంటీమీటర్ల వెడల్పు గల చిత్రాన్ని సరిగా చూడవలసిన దూరం 30 సెంటీమీటర్లు. దాన్ని 60 సెంటీమీటర్ల దూరం నుండి చూస్తే లెక్క ప్రకారం లోతు రెట్టింపవుతుంది. 30 మీటర్ల దారి 60 మీటర్లదిగా తోస్తుంది. చిత్రంలో కొలతలన్నీ సరిగానే ఉంటాయి, మారినది చూసే చోటు మాత్రమే. అందుచేత ప్రతిపాదనను అంచనా వేసేవారు రెండర్‌తో పాటు దాని దృష్టికోణాన్ని, కంటి ఎత్తును కూడా అడగాలి. దూరాన నడిచే మనిషి బొమ్మను స్తంభంతో పోల్చి చూడాలి.

సన్నని ఉక్కు పాత్ర

స్తంభం మందం అందానికి మాత్రమే సంబంధించినది కాదు. 3 మీటర్ల వెడల్పు గల దారిలో, 3 మీటర్లకొకటిగా 10 సెంటీమీటర్ల స్తంభాలు ఉన్నాయనుకుందాం. నడుమ నిలిచినవారికి ఒక్కో వరుసలో స్తంభాల మధ్య సందు దూరంతో పాటు తగ్గుతూ, సుమారు 42 మీటర్ల వద్ద మూసుకుపోతుంది. అదే 20 సెంటీమీటర్ల స్తంభాలయితే దాదాపు 20 మీటర్లకే గోడగా మారతాయి. స్తంభాల పక్క ముఖాలనూ లెక్కలోకి తీసుకుంటే ఈ దూరాలు మరింత తగ్గుతాయి. రెండర్‌లో 60 మీటర్ల దారి చివరి వరకు ఇరువైపులా చెట్లు స్తంభాల సందుల్లోంచి స్పష్టంగా కనిపిస్తుంటే, స్తంభాలను అసలు మందం కంటే సన్నగా చూపారని అనుమానించాలి.

ముగింపు

ఆల్బెర్తి పరీక్ష గీత సరిగా ఉందో లేదో చెబుతుంది. బొరోమీని వసారా గీత సరిగా ఉన్నా కన్ను మోసపోగలదని చూపుతుంది. కప్పుదారి రెండర్‌ను చదవడానికి ఈ రెండూ కావాలి. గళ్ళ కర్ణం, మనిషి ఎత్తు, స్తంభాల సందు అనే మూడు కొలతలతో ఆ చిత్రాన్ని కట్టబోయే దారితో సరిపోల్చవచ్చు.