గద్వాల ఇంగ్లీషులో విరామం: ఐఈఎల్‌టీఎస్ మౌఖిక పరీక్ష తొలి అయిదు నిమిషాలపై ఒక పరిశీలన

తెలుగువాళ్ల ఇంగ్లీషు ఎందుకు గడగడమని పరుగెడుతుందని అడిగితే శిక్షణ కేంద్రాల్లో, బి.ఎడ్. తరగతుల్లో, సదస్సు పత్రాల్లో వచ్చే జవాబు ఒక్కటే. ఇంగ్లీషు ఊనికల మీద నడిచే భాష, తెలుగు అక్షరాల మీద నడిచే భాష, అందుకే మన నోట ఇంగ్లీషు వాక్యం తుపాకీ పేలినట్టు ఒకే వరసన వెళ్తుందని. తెలుగు విషయంలో ఈ మాటకు మూలం డేవిడ్ అబర్‌క్రాంబీ. 1967లో వచ్చిన తన ధ్వనిశాస్త్ర గ్రంథంలో ఆయన ఫ్రెంచి, యొరుబా భాషల పక్కన తెలుగును కూర్చోబెట్టి, ఈ మూడూ అక్షరలయ భాషలని తేల్చాడు. ఆ ఒక్క వాక్యాన్ని మనవాళ్లు అరవై ఏళ్లుగా మోస్తున్నారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పిల్లల విషయంలో ఇది తప్పుదారి పట్టించిందన్నది ఈ వ్యాసం వాదన.

అబర్‌క్రాంబీ చెప్పినట్టు తెలుగులో అక్షరాలన్నీ ఇంచుమించు సమాన కాలంలో పడతాయనుకుంటే మన ఛందస్సు ఎలా పుట్టినట్టు? లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలని గణాలు కట్టుకున్న భాష ఇది. ‘కల’కూ ‘కాల’కూ తేడా నిడివిలోనే ఉంది. బడిలో యమాతారాజభానసలగం వల్లించినవాడెవడికైనా తట్టాల్సిన అభ్యంతరమిది. 1982లో పీటర్ రోచ్, అబర్‌క్రాంబీ పేర్కొన్న ఆరు భాషలనే తీసుకుని కొలిచి చూశాడు. అక్షరలయ భాషలని పేరుపడ్డవాటిలో అక్షరాల నిడివి మరింత నిలకడగా ఉన్నట్టు ఆ కొలతల్లో తేలలేదు. అయినా మన పత్రాల్లో రోచ్ కనిపించడు, అబర్‌క్రాంబీయే కనిపిస్తాడు. పిల్ల తడబడితే నెపం మాతృభాష మీదికి నెట్టేయడం తేలిక కదా.

మరి ఆ పరుగు ఎక్కడిది? పరీక్ష తీరులోకి వెళితే తెలుస్తుంది. ఐఈఎల్‌టీఎస్ మౌఖిక పరీక్ష మొత్తం 11 నుంచి 14 నిమిషాలు. అందులో మొదటి భాగం నాలుగైదు నిమిషాలు. పరీక్షకులు పూర్తి పేరు అడుగుతారు, ఏమని పిలవాలో అడుగుతారు, గుర్తింపు పత్రం చూస్తారు. ఇంతవరకూ మార్కులు లేవు. ఆ తర్వాత ఉండే ఊరి గురించో, చదువు లేదా ఉద్యోగం గురించో చిన్న చిన్న ప్రశ్నలు మొదలవుతాయి. ‘మీ గురించి చెప్పండి’ అన్న ప్రశ్న ఎక్కడా రాదు. అభ్యర్థిని తనను తాను పరిచయం చేసుకోవలసిందే గాని, ఆ పరిచయం పది పన్నెండు జవాబుల్లో ముక్కలు ముక్కలుగా జరగాలి. మన దగ్గర నేర్పేది మాత్రం క్యాంపస్ ఇంటర్వ్యూ కోసం రాసిపెట్టుకున్న ‘సెల్ఫ్ ఇంట్రడక్షన్’ కాగితం. పేరు, ఊరు, నాన్న వృత్తి, హాబీలు, బలాలు, బలహీనతలు ఒకే ఊపిరిలో అప్పజెప్పడం. ఆ ఊపిరే పరుగు.

గద్వాల నుంచి వచ్చిన ఒక నర్సింగ్ పట్టభద్రురాలి నమూనా ఇంటర్వ్యూను ఇక్కడ వివరంగా చూస్తాను. ఆమె వెళ్లదలచింది బ్రిటన్. అక్కడి నర్సింగ్ మండలి ఐఈఎల్‌టీఎస్‌లో రాతకు 6.5తో సరిపెట్టుకున్నా మాట్లాడడంలో 7 అడుగుతుంది. మీ ఊళ్లో మీకు నచ్చేదేమిటని అడిగితే ఆమె జవాబు ఇలా సాగింది: ‘మై హోమ్ టౌన్ ఈజ్ గద్వాల్ ఇట్ ఈజ్ వెరీ ఫేమస్ ఫర్ సారీస్ అండ్ ఫేమస్ ఫర్ ఫోర్ట్ అండ్ జూరాల ప్రాజెక్ట్ ఈజ్ ఆల్సో ఫేమస్’. ఎక్కడా ఆగలేదు, ‘ఫేమస్’ మూడుసార్లు పడింది. ఆ చీరల్లో ప్రత్యేకత ఏమిటని వెంటనే మరో ప్రశ్న వేస్తే ‘ద సారీస్ ఆర్’ దగ్గర ఆగిపోయింది, మళ్లీ ‘ద సారీస్ ఆర్’ అంది, మళ్లీ ఆగింది. కాగితం అయిపోయింది మరి.

అదే ప్రశ్న తెలుగులో వేశాను. ‘మా అమ్మోళ్లింట్ల మగ్గం ఉంటుండె సార్. చీర నడుమంత నూలు, అంచు కొంగు పట్టు. రెండిటిని మగ్గం మీదనే కలుపుతరు, కుట్టరు’ అంది. ఎక్కడ ఆగిందో గమనించండి: ప్రతి విషయం ముగిసిన చోటే. నడిగడ్డ మాటకు ఉన్న ఈ ఆగడం సాగడం చూస్తే తెలుగు లయ ఆమెకు అడ్డొచ్చిందని ఎవరూ అనలేరు. ఈ మూడు ముక్కల్నే అదే వరసలో ఇంగ్లీషులో చెప్పమన్నాను. ‘ద బాడీ ఈజ్ కాటన్ / బట్ ద బార్డర్ ఈజ్ సిల్క్ / అండ్ దే జాయిన్ దెమ్ ఆన్ ద లూమ్ / నాట్ విత్ ఎ నీడిల్’. గీతలు ఆమె ఆగిన చోట్లు. గమనం నిలకడగా ఉంది. ‘లూమ్’ అన్న మాట మొదట గుర్తుకు రాకపోతే ‘ద వీవింగ్ మెషీన్, ఉడెన్ వన్’ అని చుట్టు తిప్పి చెప్పి, ఆ తర్వాత సరైన మాట అందుకుంది.

పదసంపద విషయంలో పరీక్ష కోరేది దాదాపు ఇదే. తెలియని మాటను తెలిసిన మాటలతో చెప్పగలగడం పై బ్యాండ్ల వర్ణనలో స్పష్టంగానే ఉంది. శిక్షణ కేంద్రాల్లో వల్లె వేయించే ‘బస్లింగ్’, ‘ప్లెథోరా’, ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ లాంటివి జవాబులో ఇమడకపోతే కంఠస్థమన్న అనుమానం వస్తుంది. అప్పుడు పరీక్షకులు ప్రశ్న మార్చేస్తారు. కాటన్, బార్డర్, లూమ్, నీడిల్ అన్నవి గొప్ప మాటలేం కావు, కాని నాలుగూ వేర్వేరు పనులు చేస్తున్నాయి. ‘ఫేమస్’ మూడుసార్లు చేసింది ఒకే పని.

ఇక ధారాళత. తొమ్మిదో బ్యాండు వర్ణనలో తడబాటుకు చోటుంది, కాని అది తర్వాత ఏం చెప్పాలా అని ఆలోచించుకునేటప్పటిది. మాట కోసం వెతుక్కునేది కాదు. అంటే పరీక్షకులు వినేది విరామం ఉందా లేదా అని కాదు, ఎందుకొచ్చిందని. వాక్యఖండం చివర ఆగితే ఆలోచన, ‘ద సారీస్ ఆర్’ అని నడుమ ఆగితే వెతుకులాట. సొంత భాషలో మాట్లాడేవాళ్లు ఎక్కువగా ఖండాల చివర, నేర్చుకునేవాళ్లు ఎక్కువగా నడుమన ఆగుతారని పర్వానే తవకోలి 2011లో చూపింది. అబర్‌క్రాంబీ తూకంలో ఈ తేడా అసలు పడదు. ధారాళత, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ నాలుగింటికీ సమాన బరువు గనుక, వ్యాకరణం, ఉచ్చారణల్లో 7 తెచ్చుకున్న అభ్యర్థిని మొదటి రెండింటిలో 6 దగ్గర నిలిచిపోతే సగటు 6.5. బ్రిటన్ దారి అక్కడే మూసుకుంటుంది.

పదం చివర అచ్చు చేర్చడం, వి-డబ్ల్యూ తేడా చెరిగిపోవడం వంటి మాతృభాష ప్రభావాలు ఉచ్చారణలో కొంత నష్టం చేస్తాయన్నది నిజమే. ఆ నష్టం కాగితం చేసే నష్టం ముందు లెక్కలోది కాదు. వనపర్తిలో, నాగర్‌కర్నూలులో విన్న గొంతుల్లోనూ వరస ఇదే: వల్లించినప్పుడు పరుగు, అనుకోని ప్రశ్నకు స్తంభన, ఇంటి సంగతి ఎత్తగానే నిలకడ. పాలమూరు పిల్లల ఇంగ్లీషుకు లయదోషం లేదు, ఉన్నది బోధనదోషం. ఆ మాటకొస్తే తెలుగునాట ఎక్కడైనా ఇంతే అనడానికి నాకు సంకోచం లేదు.

మన విశ్వవిద్యాలయాల ఇంగ్లీషు శాఖల్లో ఈ విషయం మీద పని చేస్తున్నవాళ్లకు ఒక విన్నపం. అక్షరాల నిడివి కొలిచే ముందు అభ్యర్థిని ఇంగ్లీషునూ తెలుగునూ ఒకే ప్రశ్న మీద రికార్డు చేయండి, రెండింటిలో ఆగిన చోట్లు గుర్తించండి, అవి ఎక్కడ తేడాపడ్డాయో చూపించండి. ఆ పని చేయకుండా అబర్‌క్రాంబీని ఉదహరించే పత్రాన్ని పత్రికలు తిప్పి పంపడం మంచిది.