మాదీఫలం నుంచి టమోటా బాక్సు దాకా

9 మాదీఫలాలు, 7 వెలగపండ్లు కలిపి కొంటే 107 అయింది. 7 మాదీఫలాలు, 9 వెలగపండ్లు కొంటే 101 అయింది. ఒక్కో పండు ధర ఎంత? రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో, అంటే 9వ శతాబ్దంలో, కన్నడ దేశపు జైన గణితవేత్త మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో ఇచ్చిన లెక్క ఇది.

చేసే దారి ముచ్చటగా ఉంటుంది. రెండు బేరాలూ కలిపితే మాదీఫలాలు 16, వెలగపండ్లు 16, మొత్తం ధర 208. అంటే ఒక మాదీఫలం, ఒక వెలగపండు కలిసి 13. ఇక తేడా చూద్దాం. మొదటి బేరంలో 2 మాదీఫలాలు ఎక్కువ, 2 వెలగపండ్లు తక్కువ, ధర 6 ఎక్కువ. కాబట్టి మాదీఫలం ధర వెలగపండు కంటే 3 ఎక్కువ. మాదీఫలం 8, వెలగపండు 5. సంతలో ఎవరూ ధర ఇలా చెప్పరు, నిజమే. ఇక్కడ సంత లెక్కకు తొడిగిన వేషం. బడిపుస్తకాల్లోని పద సమస్యల్లో చాలా ఈ వంశానివే.

రెండో వంశం త్రైరాశికం. ఇంత సరుకుకు ఇంత ధర అయితే అంత సరుకుకు ఎంత అన్నది వర్తకుడికి రోజూ కావలసిన లెక్క. మహావీరుడి గ్రంథంలో దానికి ఒక అధ్యాయమే ఉంది. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో మనకు దొరికిన తొలి గణిత గ్రంథం అదే. ఆ ఇద్దరూ రాసింది పసిపిల్లల కోసం కాదు. పిల్లల వంతు వీధిబడిలో ఎక్కాలు వల్లించడం. అంగడి లెక్క ఆ తర్వాత వచ్చేది. దాన్ని రెండో, మూడో తరగతి దాకా దింపింది అచ్చు పుస్తకాల బడి.

ఆ పుస్తకాల్లో రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. సేరు 5 అణాలైతే 7 సేర్లు ఎంత అంటే 35 అణాలు, అంటే 2 రూపాయల 3 అణాలు. 1957 ఏప్రిల్ 1న రూపాయికి 100 నయాపైసలు వచ్చాయి. ఆ వెనకే కిలోలూ వచ్చాయి. పదహార్లతో భాగించే పని పిల్లలకు తప్పింది, లెక్క ఎముక మాత్రం మారలేదు.

ఆ లెక్కను ఇప్పుడు కోలారు జిల్లాలో చూద్దాం. ఇక్కడ బడిలో కన్నడం, చాలా ఇళ్లలో తెలుగు, గని పేటల్లో తమిళం. కోలారు మార్కెట్లో టమోటా వేలం 15 కిలోల బాక్సు లెక్కన సాగుతుంది. బాక్సు 450 పలికిందనుకుందాం, కిలో ఎంత? పుస్తకం 450ని 15తో భాగించమంటుంది. బాక్సును మనసులో మూడు వాటాలు చేసి, 5 కిలోలు 150, కిలో 30 అని కూడా చేయవచ్చు. నోటితో అలా చేసే పిల్లలకు కాగితం మీది భాగహారం వచ్చి తీరుతుందని అనుకోకూడదు. కోల్‌కతా, ఢిల్లీ సంతల్లో పనిచేసే పిల్లల మీద అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం 2025లో ప్రచురించిన అధ్యయనంలో ఇదే బయటపడింది. బేరాల్లో తడబడని పిల్లలు బడి పద్ధతి లెక్కల్లో ఆగిపోయారు. బడి లెక్క వచ్చిన పిల్లలు సంత లెక్కలో తడబడ్డారు. బడిలెక్కలో సంత పేరు పెట్టినంత మాత్రాన సంత తెలివి లోపలికి రాదు. "కిలో 30, మరి 15 కిలోలు?" అని తిప్పి అడిగితే ఊరి పేరు మిగులుతుంది, ఊరి లెక్క పోతుంది. ఇక్కడి పిల్లలకు బాక్సు ధర ఇచ్చే లెక్క మొదలుపెట్టాలన్నది నా అభిప్రాయం.

బస్సు, రైలు లెక్కల్లో చిక్కు వేరు. బంగారు గని 2001 ఫిబ్రవరిలో మూతపడ్డాక కేజీఎఫ్ జనం ఎందరో పనికోసం బెంగళూరుకు రైల్లో పోయివస్తున్నారు. మారికుప్పం, ఛాంపియన్, ఊరుగాం స్టేషన్ల పేర్లు అక్కడి పిల్లలకు నోటికి వచ్చు. "మారికుప్పంలో 40 మంది ఎక్కారు, ఛాంపియన్‌లో 15 మంది ఎక్కారు, మొత్తం ఎంతమంది?" అంటే 55 అని చెప్పేస్తారు. లెక్కను ఇలా మార్చండి: "ఊరుగాంలో 15 మంది ఎక్కాక పెట్టెలో 70 మంది ఉన్నారు. అంతకు ముందు ఎంతమంది?" చాలామంది 85 అంటారు. కారణం కూడిక రాకపోవడం కాదు. 'ఎక్కారు' అన్న మాట కనబడగానే కలపమని ఎవరో నేర్పారు. మొదటి సంఖ్య తెలియని లెక్కలు చిన్నపిల్లలకు చాలా కష్టం, ఎందుకంటే కథను వెనక్కి నడిపించాలి.

ఆ తప్పును పట్టుకోవడానికి ఒక దారి ఉంది. అంకెలన్నీ తీసేసి కథ చెప్పమనాలి. "రైలు వచ్చింది, కొందరు ఉన్నారు, ఇంకొందరు ఎక్కారు, ఇప్పుడు చాలామంది అయ్యారు" అని ఇంట్లో మాట్లాడే భాషలోనే చెప్పనివ్వాలి. అలా చెప్పగలిగితే 85 అన్న జవాబు ఎందుకు కుదరదో వాళ్లకే తెలుస్తుంది, ముందున్నవాళ్లు ఇప్పుడున్నవాళ్ల కంటే ఎక్కువ కాలేరు కదా. ఇక ఎక్కిన 15 మందిని మళ్లీ ప్లాట్‌ఫాం మీదికి దించమంటే 55 మిగులుతారు. వాళ్లను తిరిగి ఎక్కిస్తే 70 సరిపోతుంది.