క్లిఫర్డ్–టీ సమీపనం

ఒక క్యూబిట్‌పై ఏ కోణపు భ్రమణాన్నైనా క్లిఫర్డ్, టీ గేట్లను వరుసగా పేర్చి, కావలసినంత దగ్గరగా రాబట్టే పద్ధతి ఇది. హెచ్, ఎస్ అనే క్లిఫర్డ్ గేట్లతో ఒక క్యూబిట్‌కు 24 భ్రమణాలే వస్తాయి. 45 డిగ్రీలు తిప్పే టీ గేటు తోడైతేనే మిగిలిన వాటిని సమీపించగలం.

అసలు ఖర్చు టీ గేట్లదే. స్టీన్ ఏడు క్యూబిట్ల కోడ్ వంటి దోష సవరణ కోడ్‌లలో క్లిఫర్డ్ గేట్లు తేలిగ్గా నడుస్తాయి. టీ గేటుకు మాత్రం ముందే ఒక ప్రత్యేక స్థితిని శుద్ధి చేసి ఉంచుకోవాలి. బ్రావీ, కిటాయెవ్ 2005లో చూపిన విధానంలో 15 ముడి స్థితుల నుంచి ఒక మేలైన స్థితి దక్కుతుంది.

జెడ్ అక్షపు భ్రమణానికి, అనుమతించే దోషం ε అయితే, రాస్–సెలింగర్ అల్గారిథంలో దాదాపు 3 log₂(1/ε) టీ గేట్లు సరిపోతాయి. ఒక సర్క్యూట్‌లో 1000 భ్రమణాలు ఉన్నాయనుకుందాం. మొత్తం దోషం 10⁻³ దాటకూడదు. దోషాలు ఒకదానికొకటి కూడుకుంటాయి కాబట్టి ఒక్కో భ్రమణానికి 10⁻⁶ మాత్రమే ఇవ్వగలం. అంటే ఒక్కోదానికి సుమారు 60, మొత్తం 60,000 టీ గేట్లు. ఒక్కో భ్రమణానికే 10⁻³ ఇస్తే గేట్లు సగానికి తగ్గుతాయి గానీ, మొత్తం దోషం 1 దాకా పెరగవచ్చు; అప్పుడు ఫలితాన్ని నమ్మలేం.

అమరావతి క్వాంటమ్ వ్యాలీకి 2025లో ప్రకటించిన 156 క్యూబిట్ల ఐబీఎం యంత్రంలో నేరుగా నడిపే సర్క్యూట్లకు ఈ లెక్క అక్కరలేదు. అందులో జెడ్ భ్రమణం ఏ కోణానికైనా సాఫ్ట్‌వేర్‌లోనే జరిగిపోతుంది. టీ గేట్ల లెక్క దోష సవరణ కోడ్ లోపల చేసే గణనకే వర్తిస్తుంది.