పరీక్ష హాలు గుమ్మం ముందు

మార్చి నెలలో ఉదయం ఎనిమిదిన్నర ప్రాంతంలో ఉప్పల్ నుంచి నాచారం వైపు వెళ్తుంటే, ఇంటర్మీడియట్ పరీక్షా కేంద్రాల ముందు ఒకే దృశ్యం కనిపిస్తుంది. గేటు బయట తల్లిదండ్రులు, చేతిలో హాల్ టికెట్టు పట్టుకొని పెదవులు కదుపుతున్న పిల్లలు, చివరి క్షణం వరకు తిరగేసే నోట్సు. వారిలో కొందరికి అరచేతులు చెమటలు పడతాయి, కొందరు రెండు మూడుసార్లు మరుగుదొడ్డికి వెళ్లి వస్తారు. నలభై ఏళ్లు ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసిన నాకు ఈ లక్షణాలు కొత్తవి కావు. అయితే ఇవి ఏ జబ్బువి అన్న ప్రశ్నకు సమాధానం నేను ఆలస్యంగా తెలుసుకున్నాను.

భయం శరీరాన్ని ఎంత లోతుగా కదిలిస్తుందో వైద్యశాస్త్రం వందేళ్ల క్రితమే చూసింది. 1913-14 శీతకాలంలో అమెరికాలోని హార్వర్డ్‌లో తొమ్మిది మంది వైద్య విద్యార్థుల మూత్రాన్ని పరీక్షించారు. మామూలు రోజుల్లో వారెవరి మూత్రంలోనూ చక్కెర లేదు. కఠినమైన పరీక్ష రాసిన తరువాత నలుగురిలో కనిపించింది. సులభమైన పరీక్ష తరువాత ఒక్కరిలోనే. భయపడినప్పుడు అడ్రినల్ గ్రంథి విడుదల చేసే రసం కాలేయంలోని చక్కెరను రక్తంలోకి నెడుతుంది. పులి ఎదురైతే పరుగెత్తడానికి ఉపయోగపడే ఏర్పాటు అది. బెంచీ మీద మూడు గంటలు కదలకుండా కూర్చునేవాడికి దానితో పని లేదు.

ఆ తరువాత 1952లో యేల్ విశ్వవిద్యాలయంలో మాండ్లర్, సారసన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు పరీక్షాభయాన్ని కొలిచే ప్రశ్నావళిని తయారుచేశారు. 1967లో లీబర్ట్, మోరిస్ అనే మరో ఇద్దరు ఆ భయాన్ని రెండుగా విడదీశారు: గుండెదడ, చెమట వంటి శరీర ఉద్రేకం ఒకటి, ‘ఫెయిలైతే ఏమవుతుంది’ అని లోపల సాగే చింత రెండవది. మార్కులను ఎక్కువగా తగ్గించేది రెండవదే. చేతిలో ఉన్న లెక్కను పట్టి ఉంచే తాత్కాలిక జ్ఞాపకశక్తి చిన్న గది వంటిది. చింత ఆ గదిలో సగం ఆక్రమిస్తే లెక్కకు చోటు మిగలదు. అందుకే చేతులు వణికినా బాగా రాసే పిల్లలున్నారు. పైకి ప్రశాంతంగా కనిపిస్తూ ఏమీ రాయలేని పిల్లలూ ఉన్నారు.

మరి ‘ఫెయిలైతే ఏమవుతుంది’ అన్న ప్రశ్నకు మన రాష్ట్రంలో సమాధానం ఎప్పుడూ ఒకేలా లేదు. రెండేళ్ల ఇంటర్మీడియట్ 1969-70లో వచ్చింది, దాని బోర్డు 1971లో ఏర్పడింది. 1984లో ఎంసెట్ మొదలైంది. ఇంజనీరింగు, వైద్యం రెండింటి ద్వారమూ ఒకే పూట రాసే పరీక్షకు కుదించుకుపోయింది. ఆ ద్వారం దగ్గరే హాస్టల్ కళాశాలల వ్యాపారం పెరిగింది. ఆ హాస్టళ్లలో పిల్లల మరణాలపై 2001లోనే ప్రొఫెసర్ నీరదారెడ్డి నాయకత్వంలో ప్రభుత్వం ఒక కమిటీ వేయవలసి వచ్చింది. కొన్నేళ్లకు ఇంటర్ మార్కులకు ఎంసెట్‌లో 25 శాతం వెయిటేజీ ఇచ్చారు. ఒక్క పరీక్ష భారాన్ని పంచుదామన్నది ఉద్దేశం, కానీ పిల్లలకు భయపడవలసిన పరీక్షలు రెండయ్యాయి. తెలంగాణలో ఆ వెయిటేజీని 2023లో తీసివేశారు. ఒక్క నిమిషం ఆలస్యమైనా లోపలికి రానీయరాదన్న నిబంధన కూడా ఇక్కడ చాలాకాలం నడిచింది. ఒక విద్యార్థి ప్రాణం పోయిన తరువాత, 2024 మార్చిలో, ఐదు నిమిషాల వెసులుబాటు వచ్చింది.

వీటన్నింటికంటే 2019 సంగతి మనం మరువరానిది. ఆ ఏడాది ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలు వెలువడ్డాయి. మూడు లక్షలకు పైగా విద్యార్థులు ఫెయిలయ్యారు. కొద్ది రోజుల్లోనే ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తెలుగులో 99 మార్కులు రావలసిన ఒక అమ్మాయికి మెమోలో సున్నా పడింది. ముగ్గురు సభ్యుల కమిటీ సాంకేతిక లోపాలనూ, పర్యవేక్షణ లోపాలనూ ఎత్తిచూపింది. ఫెయిలైన వారందరి జవాబు పత్రాలనూ రుసుము లేకుండా పునఃపరిశీలన చేయించగా వెయ్యి మందికి పైగా పాసయ్యారు. ఇక్కడ వైద్యుడిగా నేను గమనించేది ఒకటి: ‘తప్పు జరిగితే దిద్దుకోవచ్చు’ అన్న నమ్మకం ఆ పిల్లలకు ఫలితం చూసిన రోజున లేదు. పునఃపరిశీలన నెల తరువాత వచ్చింది.

ఇప్పుడు నా పొరపాటు చెబుతాను. కొన్నేళ్ల క్రితం నాచారం పారిశ్రామికవాడలో పనిచేసే ఒక తండ్రి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న కొడుకును తీసుకొచ్చాడు. సోమవారం ఉదయం కడుపునొప్పి, రెండు మూడు విరేచనాలు. అప్పటికే రక్తపరీక్షలు, స్కానింగు అయ్యాయి; అన్నీ మామూలే. నేనూ కడుపుకు మందు రాసి పంపాను. మూడోసారి వచ్చినప్పుడు మాత్రమే అడిగాను, “సోమవారమే ఎందుకు బాబూ?” అని. “ఆదివారం టెస్టు మార్కులు సోమవారం చదువుతారు సార్. తక్కువొస్తే కింది సెక్షన్‌కు మారుస్తారు” అన్నాడు. ఒక భౌతికశాస్త్రం ప్రశ్న ఇచ్చి నా గదిలోనే రాయమన్నాను. తప్పు లేకుండా రాశాడు. అదే ప్రశ్నను టెస్టులో ఖాళీగా వదిలేశాడట. చదవనివాడికీ, భయపడినవాడికీ తేడా ఇక్కడ తెలుస్తుంది: భయపడినవాడికి హాలు దాటి బయటికి వచ్చాక జవాబు గుర్తుకొస్తుంది.

తండ్రి నిద్రమాత్ర అడిగాడు. నేను ఇవ్వలేదు. ఆందోళన తగ్గించే ఆ జాతి మాత్రలు కొత్త విషయాన్ని గుర్తుపెట్టుకునే శక్తిని మందగింపజేస్తాయి. పరీక్ష ముందు వాటిని వైద్యుని అడగకుండా వాడటం ప్రమాదం.

వాళ్ల పేటలోనే ఉన్న ఒక విశ్రాంత ఫిజిక్సు ఉపాధ్యాయుడు సాయంత్రం పది మంది పిల్లలకు చెప్పేవారు. ఆయన పద్ధతి సాదా. రాగానే పది నిమిషాలు. గతవారం పాఠం నుంచి రెండు ప్రశ్నలు, నిన్నటి పాఠం నుంచి ఒకటి. పుస్తకం మూసి రాయాలి. తరువాత పుస్తకం తెరిచి ఎవరిది వారే దిద్దుకోవాలి. మార్కు ఎక్కడా నమోదు కాదు, ఎవరూ పైకి చదవరు. తప్పిన ప్రశ్న నాలుగు రోజుల తరువాత మళ్లీ వస్తుంది. శనివారం మాత్రం నిజమైన పరీక్షలాగే గడియారం పెట్టి, ఓఎంఆర్ పత్రం నింపించి, పూర్తి పేపరు రాయించేవారు. గుమ్మం దగ్గర ఎదురయ్యే కొత్తదనం అలా తగ్గింది. ఆరు వారాల్లో సోమవారపు విరేచనాలు తగ్గాయి. పబ్లిక్ పరీక్ష మొదటి రోజున మళ్లీ వచ్చాయట, కానీ పేపరు ఖాళీగా వదల్లేదు.

గమనించండి, కళాశాల కూడా ప్రతివారం పరీక్షే పెట్టింది. పరీక్షల సంఖ్యలో తేడా లేదు. పరీక్ష తరువాత ఏం జరుగుతుందన్నదే తేడా. 2014లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో 1,408 మంది పాఠశాల విద్యార్థులను అడగగా, తరగతిలో ఇలా జ్ఞాపకం నుంచి రాసే చిన్న అభ్యాసాల వల్ల పెద్ద పరీక్షకు భయం తగ్గిందని 72 శాతం మంది చెప్పారు. ఇది పిల్లలు చెప్పిన మాటే తప్ప నాడి పట్టి కొలిచినది కాదు. పరీక్షకు ముందు పది నిమిషాలు తన భయాన్ని కాగితంపై రాసుకుంటే మార్కులు పెరుగుతాయని 2011లో మరో అధ్యయనం ప్రసిద్ధికెక్కింది. 2018లో తిరిగి చేసి చూస్తే ఆ ఫలితం నిలవలేదు. రాసుకుంటే నష్టం లేదు, దానిమీదే ఆధారపడవద్దు.

ఒకటి రెండు విరేచనాలు, గుండెదడ ఉపాధ్యాయుని చేతిలో సర్దుకునేవే. నిద్ర పూర్తిగా పోయినా, తిండి మానేసినా, ‘నేను లేకపోతే మీకు భారం తగ్గుతుంది’ వంటి మాట ఒక్కసారి వినిపించినా ఫలితాల రోజు దాకా ఆగకండి. బిడ్డను ఒంటరిగా వదలకుండా మానసిక వైద్యుని వద్దకు తీసుకెళ్లండి. ప్రభుత్వ టెలీ మానస్ సహాయ నంబరు 14416కు రాత్రి వేళ కూడా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.