లాభం 33 శాతం పెరిగినా షేరు 8 శాతం పడింది.. ఎందుకు? మార్కెట్ అంచనాల లెక్క ఇదీ!

కంపెనీ రిజల్ట్స్ బాగున్నాయని టీవీలో స్క్రోలింగ్ వస్తుంది. మర్నాడు మార్కెట్ తెరవగానే అదే షేరు ఎర్రగా కనిపిస్తుంది. స్టాక్ మార్కెట్‌లోకి కొత్తగా వచ్చినవాళ్లకు ఇది అర్థం కాని విషయమే. ఎవరో కావాలని పడగొట్టారని కూడా అనుకుంటారు. కానీ చాలాసార్లు అసలు కారణం వేరే ఉంటుంది. రాబోయే లాభాన్ని షేరు ధర ముందే లెక్కలో వేసేసుకోవడమే ఆ కారణం. దీన్ని 2024 జనవరిలో హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్ షేరుకు జరిగిన దాంతో చూద్దాం.

ముందుగా చిన్న లెక్క

ఒక కంపెనీ ఒక్కో షేరుపై ఏడాదికి 10 రూపాయలు సంపాదిస్తోంది అనుకుందాం. షేరు ధర 200. అంటే సంపాదనకు 20 రెట్లు ఇచ్చి జనం కొంటున్నారు. ఈ రెట్లనే పీఈ అంటారు.

ఇప్పుడు ఈ సంపాదన 13 రూపాయలకు పెరుగుతుందని మార్కెట్ నమ్మింది. రిజల్ట్స్ వచ్చేదాకా ఎవరూ ఆగరు. ముందే కొనడం మొదలుపెడతారు. ధర 260కి చేరుతుంది. అంటే 13 రూపాయల సంపాదనకు 20 రెట్లు ఇప్పటికే కట్టేశారన్నమాట.

తీరా రిజల్ట్స్‌లో 12 రూపాయలు వచ్చింది. వార్తల్లో '20 శాతం వృద్ధి' అని హెడ్డింగ్ పడుతుంది, అది నిజమే. కానీ 12కి 20 రెట్లు అంటే 240. రిజల్ట్ బాగానే ఉన్నా షేరు 20 రూపాయలు తగ్గాలి. ఇక వృద్ధి నెమ్మదిస్తోందన్న అనుమానం వస్తే 20 రెట్లు ఇవ్వడానికి కూడా జనం వెనకాడతారు. 18 రెట్లే ఇస్తామంటే ధర 216కి వస్తుంది. షేరు పోలిక పోయిన ఏడాది లాభంతో కాదు, తాను ముందే కట్టిన అంచనాతో అని దీన్నిబట్టి తెలుస్తుంది.

హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్ విషయంలో ఏం జరిగింది?

2024 జనవరి 16న మార్కెట్ ముగిశాక బ్యాంక్ డిసెంబర్ క్వార్టర్ ఫలితాలు ప్రకటించింది. నికర లాభం 16,372 కోట్లు. అంతకుముందు ఏడాది ఇదే క్వార్టర్‌తో పోలిస్తే 33 శాతానికి పైగా ఎక్కువ. మర్నాడు జనవరి 17న షేరు 8 శాతానికి పైగా పడి దాదాపు 1,537 రూపాయల దగ్గర ముగిసింది. 2020 మార్చిలో కొవిడ్ భయంతో మార్కెట్లు కుప్పకూలిన తర్వాత ఈ షేరు ఒక్కరోజులో అంతగా పడటం అదే మొదటిసారి. ఇండెక్స్‌లో ఈ బ్యాంక్ వాటా పెద్దది కావడంతో ఆ రోజు సెన్సెక్స్ కూడా 1,600 పాయింట్లకు పైగా నష్టపోయింది.

(గమనిక: 2025లో బ్యాంక్ 1:1 బోనస్ ఇచ్చింది. అందుకే ఇప్పటి చార్టుల్లో ఆ పాత ధరలు సగానికి తగ్గి కనిపిస్తాయి.)

33 శాతం వెనక ఉన్న అసలు సంగతి

2023 జులై 1న హోమ్ లోన్ల సంస్థ హెచ్‌డీఎఫ్‌సీ లిమిటెడ్ ఈ బ్యాంక్‌లో విలీనమైంది. అంతకుముందు ఏడాది లెక్కల్లో ఆ సంస్థ లేదు. అంటే ఒక ఇంటి ఆదాయాన్ని, రెండిళ్లు కలిశాక వచ్చిన ఆదాయంతో పోల్చినట్టు. లాభం పెరగడం ఖాయమని మార్కెట్‌కు నెలల ముందే తెలుసు. అది ధరలో ఎప్పుడో కలిసిపోయింది.

విలీనం తర్వాతి రెండు క్వార్టర్లను పోలిస్తే సంగతి తేలుతుంది. సెప్టెంబర్ క్వార్టర్‌లో లాభం 15,976 కోట్లు. డిసెంబర్‌లో 16,372 కోట్లు. పెరుగుదల రెండున్నర శాతమే. పైగా ఆ క్వార్టర్‌లో పన్ను భారం మామూలు కంటే తక్కువగా ఉండటం కూడా లాభానికి కలిసొచ్చింది. అలాంటి లాభం ప్రతిసారీ రాదు కాబట్టి ఇన్వెస్టర్లు దానికి ఎక్కువ విలువ ఇవ్వరు.

మార్కెట్ ఎదురుచూసింది దేనికోసం?

బ్యాంకుకు వడ్డీగా వచ్చేదానికీ, వడ్డీగా కట్టేదానికీ మధ్య మిగిలేదే మార్జిన్. విలీనానికి ముందు ఇది 4 శాతానికి పైన ఉండేది. విలీనం తర్వాత సెప్టెంబర్ క్వార్టర్‌లో 3.4 శాతానికి తగ్గింది. ఇక్కడి నుంచి మెల్లగా కోలుకుంటుందని చాలామంది లెక్క వేసుకున్నారు. డిసెంబర్ క్వార్టర్‌లోనూ అది 3.4 దగ్గరే ఆగిపోయింది.

డిపాజిట్లది మరో సమస్య. ఆ మూడు నెలల్లో లోన్లు లక్ష కోట్లకు పైగా పెరిగితే, డిపాజిట్లు సుమారు 41 వేల కోట్లే పెరిగాయి. హెచ్‌డీఎఫ్‌సీ లిమిటెడ్ ఎక్కువగా బాండ్లు, అప్పులతో నడిచిన సంస్థ. అందుకే విలీనంతో లోన్లు భారీగా వచ్చాయి కానీ, వాటికి తగ్గ డిపాజిట్లు రాలేదు. ప్రతి 100 రూపాయల డిపాజిట్‌కు సుమారు 110 రూపాయల లోన్లు ఉన్న పరిస్థితి. ఇక బ్యాంక్ ముందు రెండే దారులు. ఎక్కువ వడ్డీ ఇచ్చి డిపాజిట్లు తెచ్చుకుంటే మార్జిన్ తగ్గుతుంది. లోన్లు తగ్గించుకుంటే వృద్ధి తగ్గుతుంది. ఏ దారిలో వెళ్లినా ముందుగా ఊహించినంత వేగంగా లాభం పెరగదు. ఆ రోజు షేరు ధరలోంచి తీసేసింది ఈ తేడానే.

మార్కెట్ భయం నిజమైందా?

చాలావరకు నిజమైంది. బ్యాంక్ లోన్ల వేగం తగ్గించింది. 2025 మార్చితో ముగిసిన ఏడాదిలో లోన్లు 5 శాతం పైచిలుకు పెరిగితే, డిపాజిట్లు 14 శాతం పెరిగాయి. అలాగని షేరు అక్కడే ఉండిపోలేదు. అంచనాలు కిందికి దిగాక ధర కుదురుకుని, 2024 జులైలో కొత్త గరిష్ఠాన్ని తాకింది. రిజల్ట్స్ మర్నాటి పతనం అంచనాలను సరిచేసుకోవడమే తప్ప, కంపెనీ భవిష్యత్తుపై తీర్పు కాదు.

రిజల్ట్స్ చూసేటప్పుడు ఏం గమనించాలి?

మొదట అనలిస్టుల సగటు అంచనా ఎంతో చూడాలి. రిజల్ట్స్‌కు ముందు బిజినెస్ సైట్లలో 'ప్రివ్యూ' పేరుతో ఇవి వస్తాయి. లాభం ఎంత పెరిగిందన్న దానికంటే, ఈ అంచనాకు పైన వచ్చిందా, కింద వచ్చిందా అన్నదే ముఖ్యం. రెండోది, రిజల్ట్స్‌కు ముందు రెండు మూడు నెలల్లో షేరు నిఫ్టీ కంటే బాగా ఎక్కువ పెరిగిందేమో చూడాలి. పెరిగి ఉంటే మంచి వార్తకు డబ్బు ముందే కట్టేసి ఉండొచ్చు. మూడోది, పోయిన ఏడాదితో పాటు పోయిన క్వార్టర్‌తోనూ పోల్చాలి. ఆస్తి అమ్మకం, పన్ను తగ్గింపు లాంటి ఒకసారి లాభాలను పక్కన పెట్టాలి.

అయితే ఈ లెక్క అన్నిసార్లూ కుదరదు. మార్కెట్ మొత్తం పడుతున్న రోజు మంచి రిజల్ట్ ఇచ్చిన షేరు కూడా దాంతోపాటే పడొచ్చు. అందుకే అదే రంగంలోని మిగతా షేర్లు ఎలా ఉన్నాయో చూస్తే కారణం కంపెనీదా, మార్కెట్‌దా అన్నది తెలుస్తుంది.

రాత్రి హెడ్‌లైన్ చూసి ఆర్డర్ పెడితే?

సాయంత్రం 'లాభం 33 శాతం జంప్' అని చూసి, రాత్రే యాప్‌లో మార్కెట్ ఆర్డర్ పెట్టేవాళ్లుంటారు. ఆ ఆర్డర్ నిన్నటి ధరకు కాదు, ఉదయం 9 గంటల తర్వాత ప్రీ ఓపెన్ సెషన్‌లో తేలే ధరకు అమలవుతుంది. ఆ పతనం ఒక్క నిమిషంలో ఆగకపోవచ్చు కూడా. హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్ షేరు జనవరి 18న కూడా పడింది. మేనేజ్‌మెంట్ కాన్ఫరెన్స్ కాల్‌లో ఏం చెప్పిందో తెలిశాక, లిమిట్ ధర పెట్టి కొనడం వేరు. హెడ్‌లైన్ చూసి కొనడం వేరు.

(ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. ఏ షేరునూ కొనమని గానీ, అమ్మమని గానీ చెప్పడం లేదు.)